షేర్లెంత, బంగారమెంత?

డబ్బును షేర్ల ఫండ్‌కూ, బంగారానికీ పంచాలనుకున్నాం. షేర్లు ఎక్కువ ఊగుతాయి, బంగారం కాస్త తక్కువ ఊగుతుంది. అలాగని మొత్తం బంగారంలో పెడితే ఒడిదొడుకులు అతి తక్కువగా ఉంటాయనుకోవడం పొరపాటు. రెండూ ప్రతిసారీ కలిసే పడవు కాబట్టి, కొన్ని షేర్లు కలిపితే మొత్తం ఊపు ఇంకా తగ్గుతుంది. ఎన్ని కలపాలో లెక్కకట్టే దారిని హ్యారీ మార్కోవిట్జ్ 1952లో చూపించాడు.

ఉదాహరణకు ఏడాది రాబడిలో షేర్ల ప్రామాణిక విచలనం 20 శాతం, బంగారానిది 15 శాతం అనుకుందాం. వీటి వర్గాలే వేరియన్స్‌లు: 400, 225. రెండూ ఎంతవరకు కలిసి కదులుతాయో చెప్పే కోవేరియన్స్ 50 అనుకుందాం. షేర్ల వాటా w అయితే బంగారం వాటా 1 − w. అప్పుడు మొత్తం వేరియన్స్:

V = 400w² + 225(1 − w)² + 2 × 50 × w(1 − w)

విప్పి సర్దితే 525w² − 350w + 225 వస్తుంది. గీస్తే ఇది గిన్నె ఆకారంలో ఉండే వక్రరేఖ. గిన్నె అడుగున వాలు సున్నా. అందుకే అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తాం: 1050w − 350 = 0. అంటే w = 1/3. రెండో అవకలనం 1050, ధనసంఖ్య. కాబట్టి ఇది శిఖరం కాదు, అడుగే. అక్కడ V దాదాపు 166.7, విచలనం 12.9 శాతం. ఒంటరి బంగారం 15 కంటే ఇది తక్కువ.

ఇక సరిచూసుకోవాలి. పక్కనున్న వాటాలు పెట్టి చూడొచ్చు: w = 0.30 దగ్గర V 167.25, 0.40 దగ్గర 169. రెండూ ఎక్కువే. కానీ సమీకరణమే తప్పుగా రాసి ఉంటే ఈ పరీక్ష దాన్ని పట్టుకోలేదు. తప్పు గిన్నెకూ ఒక అడుగు ఉంటుంది కదా! నాకు నమ్మకమైన పరీక్ష వేరే ఉంది. అడుగున ఉన్నప్పుడు, మొత్తం పెట్టుబడితో ఒక్కోదాని కోవేరియన్స్ సమానం కావాలి. లేకపోతే ఎక్కువున్న దాన్నుంచి తక్కువున్న దానికి కొంత మార్చి ఊపు ఇంకా తగ్గించవచ్చు. షేర్లకు 400/3 + 50 × 2/3. బంగారానికి 50/3 + 225 × 2/3. రెండూ 166.7, అదే V విలువ. చాలామంది చివరి పదంలో 2 మరిచిపోతారు. అప్పుడు w 0.348 వస్తుంది, ఈ రెండు విలువలు 171.7, 164.1గా విడిపోతాయి. పొరపాటు వెంటనే దొరికిపోతుంది.

సహసంబంధం 0.75 దాటితే, అంటే 15ని 20తో భాగిస్తే వచ్చేదాన్ని మించితే, w రుణసంఖ్య అవుతుంది. షేర్లను అరువు తెచ్చి అమ్మమని దానర్థం. అది చేయలేనివారికి w = 0, అంతా బంగారమే జవాబు. అక్కడ వాలు సున్నా కాదు, గిన్నె అంచు దగ్గరే ఆగిపోయాం.

ఈ లెక్కలో రాబడి ప్రసక్తే లేదు, ఊపు ఒక్కటే చూశాం. పైగా 400, 225, 50 గత ధరల నుంచి తీసే అంచనాలు. కోవేరియన్స్ 50 బదులు 100 అయితే వాటా మూడో వంతు నుంచి 0.294కు దిగుతుంది. అందుకే జవాబును మూడు దశాంశాల వరకు నమ్మకండి, సుమారు మూడో వంతు అనుకుంటే చాలు.