ఇచ్చింది ఎవరు, ఇచ్చింది ఎవరికి

'రమణ నిన్న శ్రీనుకి ఐదు వేలు ఇచ్చాడు.' ఈ వాక్యంలో తగవు లేదు, ఉన్న సంగతి చెబుతుందంతే. ఇంట్లో ఎవరో 'సురేష్ ఇచ్చాడనుకుంటా' అన్నారనుకోండి. అప్పుడు మన నోట వచ్చే మాట వేరు: 'శ్రీనుకి నిన్న ఐదు వేలు ఇచ్చింది రమణ.' అందుకున్నది ఎవరన్న దగ్గర పేచీ వస్తే 'రమణ నిన్న ఐదు వేలు ఇచ్చింది శ్రీనుకి' అంటాం. మొత్తం దగ్గరైతే 'నిన్న శ్రీనుకి రమణ ఇచ్చింది ఐదు వేలు'. రోజు దగ్గరైతే 'ఇచ్చింది నిన్న'. సంగతి ఒక్కటే, పేచీ మారినప్పుడల్లా వాక్యం వేరేచోట చీలుతోంది.

ఇలా ఒక వాక్యాన్ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను ఎత్తి చూపడాన్ని భాషావేత్తలు చీలిక వాక్యం అంటారు. ఆ పేరు పెట్టింది డెన్మార్క్‌కు చెందిన ఓటో యెస్పర్సన్, 1937లో. ఇంగ్లీషువాళ్లు ముందు అర్థం లేని ఒక 'ఇట్' నిలబెట్టి, 'ఇట్ వజ్ ద కాస్ట్ దట్ వరీడ్ మీ' అంటారు. మనకు ఆ ఊతం అక్కర్లేదు. 'నన్ను కంగారుపెట్టింది ఖర్చు' అంటే చాలు. అనువాదాల్లో అప్పుడప్పుడు కనిపించే 'అది ఖర్చు, ఏదైతే నన్ను కంగారుపెట్టిందో' అన్న వాక్యం తెలుగు నోటికి పట్టదు.

మన పద్ధతిలో మార్పంతా క్రియ దగ్గరే జరుగుతుంది. మామూలుగా కర్తను బట్టి క్రియ మారుతుంది: ఇచ్చాను, ఇచ్చాం, ఇచ్చాడు, ఇచ్చారు. చీలిక వాక్యంలో ఆ తేడాలన్నీ పోయి ఒకే రూపం మిగులుతుంది. ఇచ్చింది నేను, ఇచ్చింది మేము, ఇచ్చింది వాళ్లు. 'ఇచ్చారు వాళ్లు' అంటే మాటల వరస మారిందే గాని వాక్యం చీలలేదు. అందుకే 'వచ్చింది సీత' అన్న వాక్యం విడిగా చదివితే తికమక పెడుతుంది. సీత వచ్చిందన్న కబురా, వచ్చినవాళ్లు ఎవరన్నదానికి జవాబా? సీత బదులు రాముణ్ణి పెడితే తేలిపోతుంది: కబురైతే 'వచ్చాడు రాముడు', జవాబైతే 'వచ్చింది రాముడు'. క్రియ మారినా, ఎత్తి చూపిన మాట తన విభక్తిని వదలదు. శ్రీనుకి ఇచ్చారు కాబట్టి 'ఇచ్చింది శ్రీనుకి' అనే అంటాం.

ఏ మాటనైనా ఇలా ఎత్తి చూపగలమా అంటే, లేదు. 'ఎర్ర చీర కొన్నాను' అన్న వాక్యంలో రంగు దగ్గరే పేచీ ఉన్నా, 'ఎర్ర'ను ఒక్కదాన్నీ విడదీయలేం. 'కొన్నది ఎర్ర చీర' అని జంటగానే తేవాలి. క్రియను ఎత్తి చూపాలంటే 'చేయడం' సాయం కావాలి: 'రమణ చేసింది అప్పివ్వడం కాదు, బాకీ తీర్చడం.'

'రమణే ఇచ్చాడు' అన్నా సరిపోతుంది కదా అనవచ్చు. చాలాసార్లు సరిపోతుంది, పైగా చిన్నది. కానీ ఆ 'ఏ'కు అర్థాలెక్కువ. ఇంకెవరూ కాదు రమణ అనీ కావచ్చు, ఎవరూ అడగకుండా తనంతట తానే ఇచ్చాడనీ కావచ్చు. మాట్లాడేటప్పుడు గొంతు తేల్చేస్తుంది. కాగితం మీద గొంతు ఉండదు కాబట్టి, అక్కడ 'ఇచ్చింది రమణ' అనడమే ఖాయం.

ఈ వాక్యంలో అసలు కిటుకు మొదటి సగంలో ఉంది. 'రమణ డబ్బు ఇవ్వలేదు' అంటే అసలు ఎవరూ ఇచ్చి ఉండకపోవచ్చు. 'డబ్బు ఇచ్చింది రమణ కాదు' అంటే మాత్రం ఎవరో ఒకరు ఇచ్చారని ఒప్పుకున్నట్టే. మనం కాదంటున్నది పేరును మాత్రమే, ఇవ్వడాన్ని కాదు. ప్రశ్నల్లో ఇది ఇంకా పదునుగా ఉంటుంది. 'సంచి తీశావా?' అంటే 'లేదు' అంటాం, అక్కడితో సరి. 'సంచి తీసింది నువ్వేనా?' అంటే జవాబు 'కాదు'. సంచిని ఎవరో తీశారన్న మాట ఆ 'కాదు'తో పాటే చెల్లిపోతుంది, అది ఇంట్లోనే ఎక్కడో పడి ఉన్నా సరే.

'పథకాన్ని దెబ్బతీసింది అధికారుల అలసత్వమే' లాంటి శీర్షికల్లోనూ ఇదే జరుగుతుంది. చదివేవాళ్లు అధికారులా, కాంట్రాక్టర్లా అని వాదించుకుంటారు. పథకం నిజంగా దెబ్బతిన్నదా అన్న ప్రశ్న ఎవరికీ రాదు. రాసేవాళ్లు కావాలని చేయకపోయినా వాక్యం ఆ పని చేసేస్తుంది. ఆ మొదటి సగం మీకు సమ్మతం కాకపోతే, రెండో సగం మీద వాదనకు దిగకండి. 'అధికారులు కాదు' అనకుండా, 'దెబ్బతిన్నదని ఎవరు తేల్చారు?' అని అడగండి.