బ్యాటరీలో ఏముంది? ఏం తరుగుతుంది?

సెల్‌ఫోను బ్యాటరీలో కరెంటు నిలవ ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో ఉండేది రసాయనశక్తి. ఛార్జింగు పెట్టినప్పుడు కోబాల్టు ఆక్సైడులోని లిథియం అయాన్లు ద్రావణం గుండా వెళ్ళి గ్రాఫైటు పొరల మధ్య దూరతాయి. ఎలక్ట్రాన్లు బయటి తీగలో వెళతాయి. ఫోను వాడేటప్పుడు లిథియం మళ్ళీ ఆక్సైడులోకి చేరుతూ ఆ శక్తిని మనకిస్తుంది.

మరి ఏళ్ళు గడిచేకొద్దీ బ్యాటరీ ఎందుకు నీరసిస్తుంది? మొదటి ఛార్జింగులోనే ద్రావణం కొంత విరిగి, లిథియంతో కలిసి గ్రాఫైటు మీద సన్నని పొర కడుతుంది. మిగిలిన ద్రావణం పాడవకుండా కాపాడేది ఈ పొరే. కాని గ్రాఫైటు ఉబ్బి తగ్గుతుంటే పొర అక్కడక్కడ పగిలి, మళ్ళీ కడుతుంది. అలా చిక్కుకున్న లిథియం ఇక తిరిగి రాదు.

ఒక లెక్క చూద్దాం. ఛార్జి చేసి వాడేసిన ప్రతి విడతలో పదివేల అయాన్లకు నాలుగే పోయాయనుకోండి. 500 విడతలయ్యేసరికి మిగిలేది సుమారు 82 శాతం! వేడిలో, నిండు ఛార్జితో ఉంచితే వాడకపోయినా పొర పెరుగుతూనే ఉంటుంది. అందుకే బ్యాటరీని దాచదలిస్తే సగం ఛార్జితో, చల్లనిచోట ఉంచమంటారు.