511కు 1 కలిపితే 256 ఎలా వచ్చింది?

ఇంటెల్ 1976లో తెచ్చిన 8085 ప్రాసెసర్ మన ఇంజనీరింగ్ కాలేజీల్లో మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌కు వెళ్లినవాళ్లకు బాగా తెలిసిన చిప్. అది చేసే పనంతా సీ భాషలో ప్రోగ్రాముగా రాస్తే, దాన్ని ఎమ్యులేటర్ అంటారు. రిజిస్టర్లు ఎనిమిది బిట్ల వేరియబుల్స్ అవుతాయి, మెమరీ 65,536 బైట్ల అరే అవుతుంది. ఒక లూప్ మెమరీలోంచి ఒక్కో ఆప్‌కోడ్ తీసి, అదేమిటో చూసి, ఆ పని చేస్తుంది.

ఆప్‌కోడ్‌ను విప్పి చూడటం కష్టమేమీ కాదు. 0x80ని బైనరీలో రాస్తే 10 000 000. మొదటి రెండు బిట్లు అంకగణితం లేదా తార్కిక పని అని చెబుతాయి. మధ్య మూడూ కూడిక అని, చివరి మూడూ B రిజిస్టర్ అని చెబుతాయి. అంటే A లోని విలువకు B లోది కలపాలి. చివరి బిట్లు 001 అయితే C రిజిస్టర్.

అసలు చిక్కంతా ఫ్లాగులతోనే. A లో 240, B లో 16 ఉన్నాయనుకుందాం. మొత్తం 256, అది ఎనిమిది బిట్లలో పట్టదు. A లో 0 మిగలాలి, జీరో, క్యారీ ఫ్లాగులు రెండూ 1 కావాలి.

```c
case 0x80: {            /* ADD B */
    uint16_t sum = a + b;
    cy = sum > 0xFF;
    a  = (uint8_t)sum;
    z  = (a == 0);
    break;
}
```

వరుస ముఖ్యం. క్యారీని మొత్తం విలువ మీద చూడాలి, జీరోను కుదించిన తర్వాతి విలువ మీద చూడాలి. సీ భాష చిన్న సంఖ్యలను కూడేముందు పెద్ద `int`గా మార్చుకుంటుంది. అందుకే `a + b == 0` అని నేరుగా అడిగితే 256 సున్నా కాదంటుంది. జీరో ఫ్లాగ్ 0గానే ఉండిపోతుంది, దాన్ని నమ్ముకున్న `JZ` గెంతదు.

ఇంకో తప్పు ఇంతకన్నా లోతుగా దాక్కుంటుంది. `DCR` ఒక రిజిస్టర్‌లోంచి 1 తగ్గిస్తుంది, జీరో ఫ్లాగును మారుస్తుంది కానీ క్యారీని ముట్టుకోదు. దీనికి కారణం ఉంది. పెద్ద సంఖ్యలను బైటు బైటుగా కూడే లూప్‌లో, ఒక బైటు నుంచి వచ్చిన క్యారీని తర్వాతి బైటుకు `ADC` కలుపుతుంది. ఆ రెండింటి మధ్య ఎన్ని బైట్లు మిగిలాయో లెక్కపెట్టేది `DCR`.

0x01FFకు 0x0001 కలిపి చూడండి. కింది బైట్లు FF, 01 కలిసి 00 అవుతాయి, క్యారీ 1. మన `DCR` పొరపాటున క్యారీని 0 చేసిందంటే, పై బైటు 02కు బదులు 01గా మిగులుతుంది. 512 రావాల్సిన చోట 256 వస్తుంది. ప్రోగ్రాము ఆగిపోదు, హెచ్చరికా ఉండదు. ఒక్క బైటు కూడికలతో పరీక్షించినంత కాలం అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి.

కాబట్టి ఎమ్యులేటర్ రాసేవాళ్లు ప్రతి ఆప్‌కోడ్ పక్కన ఏ ఫ్లాగు మారుతుందో, ఏది మారకూడదో డేటాషీట్ చూసి రాసుకోవాలి. ఈ రెండు బైట్ల కూడికను మొదటి పరీక్షగా పెట్టుకోండి. మెమరీలో 00, 02 వరుసగా కనిపిస్తే `ADC`, `DCR` రెండూ క్యారీ విషయంలో సరిగ్గా ఉన్నట్టే.