ప్రజాస్వామ్యాలు పరస్పరం యుద్ధానికి దిగవా?

ప్రజాస్వామ్య దేశాలు ఒకదానితో ఒకటి యుద్ధానికి దిగడం చాలా అరుదు అన్నది ప్రజాస్వామ్య శాంతి సిద్ధాంతం సారాంశం. ఆ దేశాలు అసలు యుద్ధాలే చేయవని ఈ సిద్ధాంతం చెప్పదు. 2003లో ఇరాక్ మీద దాడి చేసిన అమెరికా, బ్రిటన్ రెండూ ప్రజాస్వామ్యాలే. నిరంకుశ ప్రభుత్వాలతో అవి చాలాసార్లు తలపడ్డాయి. తమలో తాము తలపడిన సందర్భాల కోసమే వెతుక్కోవలసి వస్తుంది.

ఈ ఆలోచనకు మూలం జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయెల్ కాంట్ 1795లో శాశ్వత శాంతి గురించి రాసిన వ్యాసంలో ఉంది. యుద్ధంలో ప్రాణాలిచ్చేదీ, దాని ఖర్చు మోసేదీ ప్రజలే. వాళ్ల సమ్మతి తప్పనిసరైన చోట పాలకులు అంత తేలిగ్గా యుద్ధానికి పోలేరని కాంట్ వాదించాడు. 1983లో అమెరికన్ పండితుడు మైకేల్ డోయల్ ఈ వాదనను చరిత్రతో సరిపోల్చి మళ్లీ చర్చలోకి తెచ్చాడు.

దీన్ని పరీక్షించాలంటే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి: ఏది యుద్ధం, ఏది ప్రజాస్వామ్యం? 'కోరిలేట్స్ ఆఫ్ వార్' అనే పరిశోధన ప్రాజెక్టు 1816 నుంచి జరిగిన యుద్ధాలను నమోదు చేసింది. రెండు దేశాల సైన్యాల మధ్య పోరులో కనీసం 1,000 మంది సైనికులు మరణిస్తేనే దాని లెక్కలో అది దేశాల మధ్య యుద్ధం. ప్రభుత్వాల స్వభావానికి చాలామంది వాడే కొలమానం 'పోలిటీ'. అది దేశాలకు ఏటా −10 నుంచి +10 దాకా మార్కులు వేస్తుంది. సాధారణంగా 6 లేదా అంతకు మించి వస్తే ప్రజాస్వామ్యంగా పరిగణిస్తారు. పరిశోధకులు దేశాలను జంటలుగా తీసుకుని, ఏ జంట ఏ సంవత్సరం యుద్ధం చేసిందో చూశారు. రెండు వైపులా ప్రజాస్వామ్యమే ఉన్న జంటల్లో యుద్ధం దాదాపు కనిపించలేదు. అంతర్జాతీయ సంబంధాల శాస్త్రంలో ఒక సూత్రమని చెప్పదగ్గది ఏదైనా ఉంటే ఇదేనని 1988లో జాక్ లెవీ అభిప్రాయపడ్డాడు.

కారణాలు రెండు చెబుతారు. ఒకటి, అలవాటు: ఇంట్లో తగవులను చర్చతో, రాజీతో తీర్చుకునే ప్రభుత్వాలు, తమలాంటి ప్రభుత్వాలతోనూ అదే పద్ధతి పాటిస్తాయి. రెండోది, వ్యవస్థ: పార్లమెంటు, పత్రికలు, ఎన్నికల భయం నాయకుడి చేతులు కట్టేస్తాయి, సైన్యాన్ని కదిలించేలోగా చర్చలకు వ్యవధి దొరుకుతుంది.

ఈ వాదనకు గట్టి పరీక్ష 1999 నాటి కార్గిల్. ఆ ఫిబ్రవరిలో వాజపేయి, నవాజ్ షరీఫ్ లాహోర్ ప్రకటన మీద సంతకాలు చేశారు. ఇద్దరూ ఎన్నికల్లో గెలిచి అధికారంలోకి వచ్చినవారే. పోలిటీ మార్కుల ప్రకారం అప్పటి పాకిస్థాన్ కూడా ప్రజాస్వామ్యాల కోవలోనే ఉంది. అయినా పాకిస్థాన్ సైనికులు నియంత్రణ రేఖ దాటి వచ్చి శిఖరాలను ఆక్రమించారు. మే నుంచి జులై దాకా సాగిన పోరులో భారత సైనికులే 500 మందికి పైగా అమరులయ్యారు. కోరిలేట్స్ ఆఫ్ వార్ జాబితాలో అది యుద్ధంగానే నమోదైంది.

పాకిస్థాన్‌లో సైన్యం మీద ప్రధానికి నిజమైన అదుపు లేదన్నది సిద్ధాంతాన్ని సమర్థించేవారి సమాధానం. ఈ చర్య సంగతి తనకు పూర్తిగా తెలియనివ్వలేదని షరీఫ్ అన్నాడు. ముందే తెలుసునని సైన్యాధిపతి ముషారఫ్ అన్నాడు. ఆ అక్టోబరులోనే ముషారఫ్ ఆయనను గద్దె దించాడు. ఈ సమాధానంలో బలముంది, ఎందుకంటే నాయకుడి చేతులు కట్టే వ్యవస్థ సైన్యానికి వర్తించకపోతే అది పనిచేయదు. కాని యుద్ధం జరిగాక ఆ దేశాన్ని ప్రజాస్వామ్యాల జాబితాలోంచి తీసేస్తే, సిద్ధాంతం తప్పని నిరూపించే దారే ఉండదన్నది విమర్శకుల అభ్యంతరం.

రెండో అభ్యంతరం కాలానికి సంబంధించింది. 1914కు ముందు ప్రజాస్వామ్యాలే కొద్ది. 1945 తర్వాత వాటిలో చాలా దేశాలు సోవియట్ యూనియన్‌కు వ్యతిరేకంగా ఒకే పక్షాన నిలిచాయి. కాబట్టి ఆ శాంతికి కారణం ఉమ్మడి ప్రయోజనమే కావచ్చని 1995లో హెన్రీ ఫార్బర్, జోవన్ గోవా వాదించారు. వాణిజ్యం, పెట్టుబడులు పెనవేసుకోవడమే అసలు కారణమని 2007లో ఎరిక్ గార్ట్‌జ్కీ అన్నాడు. 

మూడోది విధానాలు రూపొందించేవారికి హెచ్చరిక. నిరంకుశత్వం నుంచి ప్రజాస్వామ్యానికి మారే దశలో ఉన్న దేశాల్లో యుద్ధ ప్రమాదం పెరుగుతుందని ఎడ్వర్డ్ మాన్స్‌ఫీల్డ్, జాక్ స్నైడర్ చూపించారు. సంస్థలు కుదురుకోకముందే ఓట్ల పోటీ మొదలైతే, జాతీయావేశాన్ని రెచ్చగొట్టడమే నాయకులకు సులువైన దారి అవుతుంది.

ప్రజాస్వామ్యాల మధ్య యుద్ధాలు అరుదన్న మాటను ఈ విమర్శలేవీ కొట్టివేయలేదు. అవి ప్రశ్నించింది దానికి చెప్పే కారణాన్నే. ఎన్నికలు జరిగినంత మాత్రాన శాంతి రాదు. సైన్యం, పత్రికలు, పార్లమెంటు వాటి వాటి స్థానాల్లో నిలబడిన చోటే ఈ సిద్ధాంతం మీద భరోసా పెట్టుకోవచ్చు.