నడక చెప్పే మనసు

ఇంగ్లీషులో నడకకు క్రియలు చాలా ఉన్నాయి. తీరిగ్గా నడిస్తే ‘స్ట్రోల్’, అలసిన కాళ్ళను బలవంతాన కదిలిస్తే ‘ట్రడ్జ్’, పెద్ద పెద్ద అంగలు వేస్తే ‘స్ట్రైడ్’. కదలిక, దాని తీరు ఒకే మాటలో ఇమిడిపోతాయి. తెలుగు ఈ పనిని ఎక్కువగా రెండు మాటలకు పంచుతుంది. ‘కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు’, ‘అంగలు వేసుకుంటూ వెళ్ళాడు’ అన్నప్పుడు మొదటి మాట నడక తీరు చెబుతుంది, చివరి క్రియ వచ్చాడో వెళ్ళాడో చెబుతుంది. కాబట్టి తెలుగు కథలో పాత్ర మనసు చాలాసార్లు ఆ మొదటి మాటలోనే బయటపడుతుంది.

భార్య ప్రసవానికి లోపల ఉంది, భర్త ఆసుపత్రి వరండాలో ఉన్నాడనుకుందాం. ‘ఆందోళనగా నడుస్తున్నాడు’ అంటే సమాచారం అందుతుంది కానీ మనిషి కనబడడు. ‘వరండాలో పచార్లు చేస్తున్నాడు’ అంటే ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్ళీ వెనక్కి తిరిగే మనిషి కళ్ళకు కడతాడు. కూర్చోలేకపోతున్నాడని వేరే చెప్పనక్కర్లేదు. అయితే పచార్లకు హద్దులున్న చోటు కావాలి. ఊరి నుంచి ఊరికి ఎవరూ పచార్లు చేయరు.

అదే మనిషి డబ్బు చాలక బిల్లు కౌంటరు దగ్గరికి వస్తే పచార్లు పనికిరావు. అక్కడ ‘తచ్చాడుతున్నాడు’ అనాలి. అడగాలని ఉంది, నోరు రావడం లేదు, దగ్గరికి వెళ్ళి మళ్ళీ పక్కకు జరుగుతున్నాడు. ఇంత బిడియం ఆ ఒక్క మాట మోస్తుంది. చిత్రమేమిటంటే, ముక్కూ మొహం తెలియనివాడు రాత్రిపూట ‘ఇంటి చుట్టూ తచ్చాడాడు’ అంటే ఇదే మాట అనుమానం రేపుతుంది. ఎవరు, ఎక్కడ, ఏ వేళ అన్నదాన్ని బట్టి దాని రంగు మారుతుంది.

ఈలోగా అతని అక్క మాట పట్టింపుతో బయటికి నడిచిందంటే ‘విసవిసా వెళ్ళిపోయింది’ అన్నది సరిగ్గా అతుకుతుంది. ఈ మాటలో కోపం ఉంది, వీపు తిప్పేయడం కూడా ఉంది. అందుకే ఎక్కువగా ‘వెళ్ళిపోవు’తోనే జత కడుతుంది. ‘చరచరా’ అలా కాదు, రావడానికీ పోవడానికీ నప్పుతుంది. అందులో వేగం, నిశ్చయం తప్పక ఉంటాయి. కోపం ఉండవచ్చు, లేకపోవచ్చు.

కొత్తగా రాసేవాళ్ళు ‘కోపంగా విసవిసా వెళ్ళిపోయింది’ అని రాస్తుంటారు. ‘కోపంగా’ తీసేసి చదివితే ఏమీ తగ్గదు, వాక్యం ఇంకా పదునెక్కుతుంది. ప్రతి అడుగుకూ ఇలాంటి మాట తగిలించడం ఇంకో పొరపాటు. నాలుగు వాక్యాల్లో పచార్లు, చరచర, గబగబ వరుసగా వస్తే పాఠకుడి కంటికి పాత్ర బదులు మాటలే కనబడతాయి. ఆడపిల్ల పుట్టిందని నర్సు వచ్చి చెప్పాక ఆ భర్త ‘లోపలికి వెళ్ళాడు’ అంటే చాలు. అప్పటికే పాఠకుడి చూపు పాప వైపు మళ్ళి ఉంటుంది.