969 ఫ్రేముల పరీక్ష

1996 జూన్‌లో ఇడ్ సాఫ్ట్‌వేర్ క్వేక్ ఆటను విడుదల చేసింది. మొదటి భాగం ఉచితం. అందులో కన్సోల్ తెరిచి ఈ ఒక్క ముక్క టైపు చేస్తే చాలు:

```
timedemo demo1
```

ముందే ఆడి రికార్డు చేసిపెట్టిన ఆట తెర మీద పరుగులు తీసేది. మామూలుగా రికార్డు నడిచేటప్పుడు కంప్యూటర్ వెనకబడితే మధ్యలో కొన్ని ఫ్రేములు వదిలేసి సమయాన్ని అందుకుంటుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. రికార్డులోని 969 ఫ్రేముల్నీ గీసి తీరాలి, ఎంత త్వరగా చేతనైతే అంత త్వరగా. పట్టిన సెకన్లు చివర్లో కనిపిస్తాయి. 32.3 సెకన్లు పడితే సెకనుకు 30 ఫ్రేములన్నమాట.

ఈ పరీక్ష బయటపెట్టిన పెద్ద సంగతి సైరిక్స్ 6x86 ప్రాసెసర్‌ది. PR166+ అని పేరు పెట్టిన ఆ చిప్ నిజానికి నడిచేది 133 మెగాహెర్ట్జ్ మీద. ఆఫీసు పనుల్లో పెంటియం 166కు దీటుగా నిలబడేది కాబట్టి ఆ పేరులో అబద్ధమేమీ లేదు. క్వేక్‌లో మాత్రం చాలా వెనకబడిపోయింది. కారణం భాగహారం. గోడలూ నేలా దూరానికి తగ్గట్టు సరిగ్గా కనిపించాలంటే దశాంశాల భాగహారం చేస్తూ పోవాలి. క్వేక్ ప్రోగ్రామర్లు మైకేల్ అబ్రాష్, జాన్ కార్మాక్ దాన్ని ప్రతి పిక్సెల్‌కూ కాకుండా 16 పిక్సెళ్లకు ఒకసారి చేయించారు. పెంటియం ఒకపక్క ఆ భాగహారం చేస్తూనే మరోపక్క పిక్సెళ్లు గీసేది. సైరిక్స్‌లో దశాంశాల లెక్కలు చేసే భాగమే బలహీనం. పెట్టె మీది పేరు చెప్పని ఈ సంగతి ఉచిత ఆటలోని ఒక్క కమాండ్ చెప్పేసింది. కొనేవాడికి ఇంతకంటే నికార్సయిన సాక్ష్యం ఏముంటుంది!

ఇప్పుడు కొన్ని కంపెనీలు ఆట కంటే ముందే పరీక్షను విడిగా ఉచితంగా ఇస్తున్నాయి. మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ ఆట 2025 ఫిబ్రవరి 28న వస్తే, దాని బెంచ్‌మార్క్ అదే నెల మొదట్లోనే వచ్చింది. చివర్లో వచ్చే సగటును మాత్రం నేను నమ్మను. అందులో కథ చెప్పే దృశ్యాలూ కలుస్తాయి, వాటి భారం తక్కువ. ఆ దృశ్యాల్లో 80, పచ్చిక మైదానంలో 40 వచ్చాయనుకోండి. రెండూ సమానమైన సేపు నడిస్తే సగటు 60. మీరు ఆడబోయేది మాత్రం 40 దగ్గరే. అందుకే మైదానంలోనూ, ఊళ్లోనూ తెర మూలన ఉండే అంకెను కనిపెట్టి చూడాలి.

ఫ్రేమ్ జనరేషన్ ఆపేసి చూడండి. అది నిజం ఫ్రేముల మధ్య ఊహించిన ఫ్రేములు చొప్పించి అంకె పెంచుతుందే గానీ, మీట నొక్కినప్పటి స్పందనను వేగవంతం చేయదు. తర్వాత రిజల్యూషన్ తగ్గించి మళ్లీ నడపండి. అంకె బాగా పెరిగితే బరువు మోస్తున్నది గ్రాఫిక్స్ కార్డు. ఎంత తగ్గించినా కదలకపోతే అడ్డం ప్రాసెసర్ దగ్గర ఉంది. అప్పుడు ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు తెచ్చి పెట్టినా ఆ 40 అలాగే ఉంటుంది.