బదిలీకి కాదంటే ఉద్యోగం పోతుందా?

ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహాలో కుందన్ షుగర్ మిల్స్ ఉండేది. యజమానులు తర్వాత బులంద్‌షహర్‌లో మరో మిల్లు ప్రారంభించి, అమ్రోహా కార్మికులు కొందరిని అక్కడికి వెళ్లమన్నారు. వాళ్లు కాదన్నారు, ఉద్యోగాలు పోయాయి. 1960లో సుప్రీంకోర్టు కార్మికుల పక్షాన నిలిచింది. వాళ్లు చేరేనాటికి ఆ రెండో మిల్లు యజమానుల చేతిలో లేదు, బదిలీ షరతూ లేదు. అలాంటప్పుడు కొత్తగా ప్రారంభించిన చోటికి పొమ్మనే హక్కు యజమానికి దానంతటదే రాదని చెప్పింది.

నేటి నియామక పత్రాల్లో చాలావాటిలో 'దేశంలో ఎక్కడికైనా' అనే వాక్యం ఉంటుంది. సంతకం పెట్టాక అది కట్టిపడేస్తుంది. పిల్లల చదువు, తల్లిదండ్రుల అనారోగ్యం వంటి కారణాలతో అర్జీ పెట్టుకోవచ్చు. కానీ అర్జీ పెట్టినంతమాత్రాన ఉత్తర్వు ఆగదు. గుజరాత్ విద్యుత్ బోర్డు కేసులో 1989లో సుప్రీంకోర్టు తేల్చిందిదే: బదిలీ రద్దయినా, నిలిపివేసినా తప్ప వెళ్లి చేరాల్సిందే, లేకుంటే క్రమశిక్షణ చర్య తప్పదు.

షరతు ఉన్నా కక్షతో బదిలీ చేయడం తప్పే. యూనియన్ పెట్టిన వారానికే దూరప్రాంతానికి పంపితే కోర్టు ఆ తేదీలు చూస్తుంది. అయితే కక్షను రుజువు చేయాల్సింది ఉద్యోగే. అందుకే ఉత్తర్వు అందగానే అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇవ్వండి, స్టే రాకపోతే గడువులోగా చేరి పోరాడండి.